పాతవి తీసుడు, కొత్తవి పెట్టుడు... అంతేనా?

పోస్టు పొడుగున్నది, ఓపిక చేసుకొని చదవండి. ఇంటికి లిథియం ఇన్వర్టర్ బ్యాటరీ కొనియ్యాలని అనుకుంటున్నోళ్ళు మాత్రం తప్పకుండా చివరి దాకా చదవండి. మా క్యాంపులో వారానికి ఒకరన్నా ఆ ముచ్చట తీస్తున్నరు. "నీళ్ళు పోసే పని లేదు, పదేండ్లు వస్తది, పాతవి తీసుడు కొత్తవి పెట్టుడే" అని ఊళ్ళె షాపాయన చెప్పిన మాటనే ఇక్కడ ఒకరికొకరు చెప్పుకుంటున్నరు. ఆ చివరి మాట అబద్ధం. బ్యాటరీ మంచిదే. "పెట్టుడే" అన్న మాటే అబద్ధం. ఆ మాట నమ్మి నేను మా బాపును చీకట్ల పడేసిన. అందుకే రాస్తున్న.

మాది జగిత్యాల దిక్కు పల్లె. బాపుకు ఊపిరితిత్తులు పాడై రెండేండ్ల నుంచి రాత్రిపూట ఆక్సిజన్ మిషన్ నడుస్తది. సిలిండర్ కాదు, గాలిలోంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్. అది దాదాపు 300 వాట్లు తింటది. దానికి తోడు ఒక ఫ్యాను, రెండు లైట్లు. మొత్తం 400 వాట్లు అనుకోండి. ఇంట్లో 24 వోల్టుల ఇన్వర్టర్, దానికి 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు వరుసగా కట్టి ఉండేవి. నాలుగేండ్లకు అవి ముసలివైపోయినయి. గంటన్నరకే బీప్ కొట్టుడు మొదలు. పోయిన ఏడాది లిథియం పెట్టిద్దామని షాపాయనకు ఫోన్ చేసిన. ఆయన 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు తెచ్చి, పాతవి తీసేసి, అదే ఇన్వర్టర్‌కు అవే వైర్లతో బిగించిండు. 58 వేలు పంపిన. ఫోటో పెట్టిండు. నేను దానికి బొటనవేలు గుర్తు పెట్టిన. అయిపోయింది.

లెక్క ప్రకారం 400 వాట్ల లోడుకు ఇన్వర్టర్ తన కమీషన్ కలుపుకొని బ్యాటరీ నుంచి 470 వాట్లు గుంజుతది. 25.6 వోల్టుల మీద అది 18 ఆంపియర్ల పైన. 100 ఏహెచ్ నిండుగా ఉంటే అయిదు గంటల 25 నిమిషాలు రావాలె. షాపాయన కూడా "అయిదు గంటలు గ్యారంటీ" అన్నడు. మొదట్ల వచ్చింది కూడా. చిన్న చిన్న కోతలే కాబట్టి ఎవ్వరం లెక్క చూసుకోలేదు.

రెండు నెలల తర్వాత మే నెలలో గాలిదుమారం వచ్చి స్తంభాలు పడ్డయి. రాత్రి 10:15కు కరెంటు పోయింది. అయిదు గంటలున్నయి కదా అని అమ్మ నిమ్మళంగ పండుకున్నది. 1:45కు మొత్తం ఆరిపోయింది. మూడున్నర గంటలే. లైట్లు సన్నబడలేదు, బీప్ కొట్టలేదు, ఫ్యాను నెమ్మది కాలేదు. కట్టె విరిగినట్టు ఒక్కసారే పోయింది. మిషన్‌లో ఉండే అలారం మోగితే అమ్మకు మెలకువ వచ్చింది. పక్కింట్ల ఉండే మా అన్న కొడుకు ఉరికొచ్చి, మూలకున్న చిన్న సిలిండర్ తెచ్చి, రెగ్యులేటర్ బిగించి మాస్కు పెట్టేసరికి ఇరవై నిమిషాలైంది. వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ 82 ఉన్నదట. దోహాలో నాకు అప్పుడు రాత్రి 11:15. ఫోన్‌ల అమ్మ ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. బాపు గట్టెక్కిండు. ఆ సిలిండర్ ఇంట్ల లేకుంటే ఏమయ్యేదో నేను రాయను.

పొద్దున కరెంటు వచ్చింది. ఇన్వర్టర్ మాత్రం లేవలేదు. బ్యాటరీ లేదన్నట్టు ఎర్ర లైటు వెలుగుతున్నది, చార్జింగ్ ఎక్కుతలేదు. షాపాయనకు ఫోన్ చేస్తే ఒక్క మాట: "మీ లోడు ఎక్కువైంది అన్నా."

లోడు ఎక్కువ కాలేదు. ఏమైందో మా సైటు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్, తమిళాయన, పక్కన కూసోని వీడియో కాల్‌ల చూపిస్తూ తేల్చిండు. మా అన్న కొడుకు చేతిల మల్టీమీటర్. "రెండూ కలిపి కాదు, ఒక్కొక్కటి విడిగ చూడు" అన్నడు. ఒకటి 13.1 వోల్టులు చూపించింది. రెండోది సున్నా దగ్గర. అక్కడనే కథంతా ఉన్నది.

ఇది సమజ్ కావాలంటే సీసం బ్యాటరీకి, లిథియంకు గుణంలో తేడా తెలియాలె. సీసం బ్యాటరీ నిండినంక కూడా కొంచెం కరెంటు తాగుతనే ఉంటది. తాగిన దాన్ని నీళ్ళను గ్యాసుగ మార్చి పోగొడతది. మనం నీళ్ళు పోసేది అందుకే. అది నష్టమే గాని, అందులోనే ఒక లాభం ఉన్నది. వరుసగా కట్టిన రెండింట్లో ఒకటి ముందు నిండితే, అది కరెంటును తనలోంచి పోనిస్తది. వెనకబడ్డది మెల్లగ నిండి సమానమైతది. అన్న నిలబడి తమ్ముడు తినేదాకా చూసినట్టు.

లిథియం అట్ల చెయ్యదు. ఒక్కో 12.8 వోల్టుల పెట్టెలో నాలుగు సెల్లులు ఉంటయి. ఒక్కో సెల్లుకు 3.65 వోల్టులు పై హద్దు. అంటే పెట్టెకు 14.6. ఏ ఒక్క సెల్లు ఆ హద్దు దాటి పోతున్నా లోపలున్న కాపలా సర్క్యూటు, దాన్ని బీఎంఎస్ అంటరు, చార్జింగ్‌ను తెంపేస్తది. ఆ తెంపకుంటే సెల్లు ఖరాబైతది కాబట్టి అది తన డ్యూటీ చేసినట్టే. కానీ రెండు పెట్టెలు వరుసగా ఉన్నయి కదా. ఒకటి తెంపితే ఇద్దరికీ దారి మూసుకుంటది. వెనకబడ్డ పెట్టె సగం ఆకలితోనే ఉండిపోతది.

మా ఇంట్ల అదే జరిగింది. షాపాయన ఒకటి షోకేసులోంచి తెచ్చిండు, ఒకటి కొత్త డబ్బా విప్పిండు. రెండింట్లో చార్జు మొదటి దినమే సమానం లేదు. రెండింటినీ విడివిడిగ నిండా చార్జు చేసి కలపాలె, ఆయన చెయ్యలేదు. ఇక ఇన్వర్టర్ వెనుక చిన్న స్విచ్చు ట్యూబులర్ మీదనే ఉన్నది. ట్యూబులర్‌కు వోల్టేజీ గట్టిగ ఎక్కిస్తరు. మా దాంట్లె చివరికి 29.6 దాకా పోతున్నదని తర్వాత కొలిస్తే తెలిసింది. లిథియం రెండు పెట్టెలకు కలిపి హద్దు 29.2. అంటే ప్రతి చార్జింగ్‌లోను ముందు నిండిన పెట్టె "బస్" అని తెంపుతున్నది. వెనకది వెనకనే. మొదటి దినం ఉన్న తేడా దిద్దుకునే దారి లేక, ప్రతి కోతకు ఇంకొంచెం పెరిగింది.

ఆ రాత్రి ఒకటి నిండుగ, రెండోది మూడింట రెండు వంతుల దగ్గర ఉన్నయి. ఇది ఊహ కాదు. తర్వాత 10 ఆంపియర్ల లిథియం చార్జర్‌తో విడివిడిగ ఎక్కిస్తే ఒకటి ఆరున్నర గంటల్లో నిండింది, రెండోది పది గంటలు పట్టింది. అంటే ఒకదాంట్ల ఇంకా 35 ఏహెచ్ మిగిలి ఉండంగనే రెండోది ఖాళీ అయ్యింది. వాడింది 65 ఏహెచ్. దాన్ని 18.4 ఆంపియర్లతో భాగిస్తే మూడున్నర గంటలు. గడియారం చెప్పింది కూడా అదే. 58 వేలు పెట్టి 100 కొన్నం, వాడుకున్నది 65.

మరి బీప్ ఎందుకు కొట్టలేదు? ఈ ముచ్చట నాకు నిద్ర పట్టనియ్యలేదు. ఇన్వర్టర్‌కు కనిపించేది రెండింటి మొత్తం వోల్టేజీ ఒక్కటే. మొత్తం 21.5 దగ్గరికి వస్తే బీప్ కొడుతది, 21కి వస్తే ఆపుతది. సీసానికి చేసిన లెక్క అది. సీసం బ్యాటరీ వోల్టేజీ మెట్లు దిగినట్టు దిగుతది, కాబట్టి ముందే తెలుస్తది. లిథియం వోల్టేజీ మాత్రం 80 శాతం ఉన్నా, 30 శాతం ఉన్నా 13 చుట్టే తిరుగుతది. చివర్ల గోడ మీదికెల్లి పడ్డట్టు పడుతది. మా దాంట్లె ఖాళీ అయిన పెట్టె 10కి జారినా, రెండోది 13 మీద నిలబడి ఉన్నది. మొత్తం 23. ఇన్వర్టర్ దృష్టిలో అంతా మంచిగనే ఉన్నది. అంతలోనే ఖాళీ పెట్టెలో కాపలా సర్క్యూటు తెంపేసింది. 23 నుంచి సున్నా. బీప్ కొట్టే సమయమే రాలేదు. ఇన్వర్టర్ చెడిపోలేదు, బ్యాటరీ చెడిపోలేదు. ఒకదాని భాష ఇంకొకదానికి తెలియదు, అంతే.

కరెంటు వచ్చినా చార్జింగ్ ఎక్కకపోవుడు కూడా దీని తమ్ముడే. చానా పాత ఇన్వర్టర్లు ముందు బ్యాటరీ వోల్టేజీ చూసుకొని, అది కనబడితేనే చార్జింగ్ మొదలు పెడతయి. బీఎంఎస్ తెంపినంక తీగ మీద వోల్టేజీ లేదు. ఇన్వర్టర్ "బ్యాటరీ చూపియ్యి, చార్జు చేస్త" అంటది. బ్యాటరీ "చార్జు పెట్టు, లేస్త" అంటది. ఇద్దరూ మొండికేసి కూసుంటరు. అమ్మకు ఏం తెలుస్తది? విడి లిథియం చార్జర్ పెట్టి లేపితే గాని లేవలేదు. కొన్ని బ్యాటరీలు లోడు తీసేసి కాసేపు ఆగితే వాటంతట అవే లేస్తయి, కొన్నిటికి బటన్ ఉంటది. మీ దానికి ఏముందో కొనేటప్పుడే అడిగి, ఇంట్లోళ్ళకు చూపించాలె.

ఇక అసలు సిగ్గుపడే సంగతి. బ్యాటరీ డబ్బాలో ఒక కాగితం ఉంటది. మా అన్న కొడుకుతో దాని ఫోటో తీయించిన. చిన్న ఇంగ్లీషు అక్షరాలల్ల స్పష్టంగ రాసి ఉన్నది: ఈ బ్యాటరీలను వరుసగా కట్టొద్దు, పక్కపక్కన మాత్రమే కలపొచ్చు. నేను పదో తరగతి చదివినోన్ని. ఆ ఒక్క వాక్యం నాకు సమజైంది. అమ్మేటాయనకు కాలేదా? ఆయన ఆ కాగితం విప్పలేదు. అదే ఖార్ఖానా గ్యారంటీ కాగితం. వరుసగా కట్టినందుకు ఆ గ్యారంటీ కూడా పోయినట్టే.

తప్పంతా ఆయన మీద వేసి నేను కడిగిన ముత్యం కాలేను. 24 వోల్టుల ఒక్కటే పెట్టె, లోపల ఎనిమిది సెల్లులకు ఒక్కటే కాపలా సర్క్యూటు ఉన్నది, ఏడు వేలు ఎక్కువైతది అని ఆయన మొదట్ల చెప్పిండు. నేనే "రెండు చిన్నవి పెట్టు, చాలు" అన్న. ఇక్కడ సైటులో ఒక్క రాడ్డు తక్కువ పడితే కాంక్రీట్ పొయ్యనియ్యను. డ్రాయింగ్ చూపించు, అప్రూవల్ చూపించు అంట. మా ఇంటికి పోయే సామానుకు డ్రాయింగ్ అడగలేదు. మనమంతా ఇంతే. దూరంగ ఉంటం కాబట్టి పైసలు పంపితే బాధ్యత తీరిందనుకుంటం. బిగించిన ఫోటో చూసి మురిసిపోతం. పనిచేస్తదా లేదా అని అర్ధరాత్రి తెలుసుకునేది మాత్రం అక్కడున్న ముసలోళ్ళు.

ఇది రాస్తే కొందరు "నేను ముందే చెప్పిన, లిథియం వద్దు, అది పేలుతది" అని కామెంట్ పెడతరు. వాళ్ళకు కూడా జవాబు చెప్త. ఫోన్లల్ల, సైకిళ్ళల్ల కాలిపోయిన వీడియోల్లో చానా వరకు వేరే రకం లిథియంవి. ఈ ఐరన్ ఫాస్ఫేట్ రకం వాటికంటె చానా నిమ్మళమైంది, తొందరగ అంటుకోదు. మా ఇంట్ల కూడా ఏదీ కాలలేదు, ఉబ్బలేదు. కాపలా సర్క్యూటు తెంపింది కాబట్టే సెల్లులు బతికినయి. నా కొట్లాట లిథియంతో కాదు, "పెట్టుడే" అన్న మాటతో.

ఇంకో మాట కొందరికి నచ్చదు. మీ ఇన్వర్టర్‌కు లిథియం మోడ్ లేదు, దాన్ని మార్చే పైసలు లేవు, ఇంట్ల మీటర్ పట్టేటోళ్ళు లేరు అంటే, సిగ్గుపడకుండ ట్యూబులరే పెట్టించండి. అది బరువు, దానికి నీళ్ళు పొయ్యాలె, నాలుగైదేండ్లకు పోతది. కానీ పొయ్యే ముందు బతిమాలుతది. లైటు సన్నబడుతది, బీప్ కొడుతది, అమ్మకు లేచి సిలిండర్ దగ్గరికి పొయ్యే టైం ఇస్తది. పాత చార్జర్ తప్పులను కూడా అది భరిస్తది. కొత్తది అన్న పేరుకు దాన్ని పారేసుడు తెలివి కాదు.

లిథియమే పెట్టించేటోళ్ళు పైసలు పంపే ముందు షాపాయనను మూడే మూడు అడగండి. జవాబు నోటితో కాదు, వాట్సాప్‌ల రాయించుకోండి.

మొదటిది, ఈ ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ ఉన్నదా, చార్జింగ్ చివరికి ఎన్ని వోల్టుల దాకా పోతది? 24 వోల్టుల దానికి 28.4 నుంచి 28.8 మధ్య ఆగాలె, 12 వోల్టుల దానికి దాంట్లో సగం. 29.2 దాటేది పనికిరాదు. ట్యూబులర్‌కు అప్పుడప్పుడు ఎక్కించే ఎక్కువ వోల్టేజీ చార్జింగ్ పూర్తిగ బంద్ ఉండాలె.

రెండోది, ఒక్కటే పెట్టెనా, రెండా? 24 వోల్టులు కావాలంటే 25.6 వోల్టుల ఒక్కటే పెట్టె తీసుకోండి. రెండు చిన్నవి వరుసగా కడతానంటే, కట్టొచ్చని కంపెనీ కాగితంలో ఉన్న లైను ఫోటో అడగండి. ఉంటే కూడా విడివిడిగ నిండా చార్జు చేసి, ఒక దినం పక్కపక్కన కలిపి ఉంచి, ఆ తర్వాతనే వరుసగా కట్టాలె.

మూడోది, ముందు ఆగేది ఎవరు? ఇన్వర్టర్ ముందు ఆగాలె, బీఎంఎస్ తర్వాత. ఇన్వర్టర్ ఆగితే కరెంటు రాంగనే మళ్ళ లేస్తది. బీఎంఎస్ తెంపితే మా ఇంట్ల లెక్క మొండికేస్తది. లిథియం మోడ్‌లో ఇన్వర్టర్ సెల్లుకు 3 వోల్టుల దగ్గర, అంటే 24 దగ్గర ఆగేటట్టు ఉండాలె. 21 దాకా పోనిచ్చేదైతే బీఎంఎస్ తెంపే 20కి మరీ దగ్గర.

ఇప్పటికే రెండు పెట్టెలు వరుసగా పెట్టించుకున్నోళ్ళు ఈ శుక్రవారమే ఒక పని చెయ్యండి. చార్జింగ్ నిండే టైముకు, ఇంక కరెంటు ఎక్కుతుండంగనే, ఒక్కొక్క పెట్టె మీద విడిగ మీటర్ పెట్టించండి. రెండూ పాయింటు ఒకటి, రెండు తేడాలో ఉంటే మంచిది. ఒకటి 14.6, ఇంకొకటి 13.6 చూపిస్తే మీ ఇల్లు కూడా మా ఇంటి దారిలనే ఉన్నది. మధ్యలో ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే ఏం తెలియదు, అప్పుడు రెండూ 13.2, 13.3 చూపిచ్చి మోసం చేస్తయి.

మేం చేసింది కూడా చెప్త. బ్యాటరీలు వాపసు తీసుకోనన్నడు. కాగితంలో పక్కపక్కన కలపొచ్చని ఉన్నది కదా, అదే పట్టుకున్నం. 24 ఇన్వర్టర్ తీసేసి, లిథియం మోడ్ ఉన్న 12 వోల్టుల ఇన్వర్టర్ ఇంకో తొమ్మిది వేలకు తెచ్చినం. రెండు పెట్టెలనూ నిండా చార్జు చేసి పక్కపక్కన కలిపినం. అట్ల కలిపితే రెండింటి వోల్టేజీ ఒక్కటే కాబట్టి అవే సమానమైతయి. ఒకటి తెంపినా రెండోది నడుస్తది. వైరు మాత్రం లావుది వేయించినం, ఎందుకంటే వోల్టులు సగమైతే ఆంపియర్లు రెట్టింపు, ఇప్పుడు 37 దాకా పోతయి.

సెలవుకు పోయినప్పుడు నేనే కూసోని పరీక్ష చేసిన. బాపు మిషన్ కరెంటు మీదనే ఉంచి, ఇన్వర్టర్‌కు పాతకాలం 100 వాట్ల బల్బులు నాలుగు పెట్టి మెయిన్ బంద్ చేసిన. 5 గంటల 5 నిమిషాలకు బీప్. ఇంకో పది నిమిషాలకు ఇన్వర్టర్ ఆగింది. మెయిన్ వేస్తే వెంటనే చార్జింగ్ ఎక్కింది. అప్పుడు నమ్మిన. అయినా బీప్ మీద భరోసా పెట్టలేదు. పది నిమిషాలు చానా తక్కువ. ఇంట్లోళ్ళకు గోడ మీద రాసి పెట్టిన: కరెంటు పోయిన టైం రాసుకో, నాలుగు గంటలు దాటితే సిలిండర్ తయారు పెట్టుకో. సిలిండర్ ఎప్పుడూ నిండుగ ఉంటది, రెగ్యులేటర్ బిగించే ఉంటది.

షాపాయన మొన్న ఫోన్ చేసి "అన్నా, పోస్టులు పెడుతున్నవట" అన్నడు. పేరు రాయలేదు, రాయను. ఆయన ఒక్కడే కాదు, ప్రతి మండలంల ఒకాయన ఇదే మాట చెప్పి అమ్ముతున్నడు. ఆయనకు చెప్పిందే మీకూ చెప్తున్న. డబ్బాలో కాగితం విప్పి చదువుడు రెండు నిమిషాల పని. అమ్మేటోడు చదవకపోతే కొనేటోడు చదవాలె. ఇద్దరం చదవకుంటే, అర్ధరాత్రి చీకట్ల రెగ్యులేటర్ వెతుక్కునేది మన అమ్మలు.

ఎవరన్నా ఇప్పుడే కొంటుంటే ఇన్వర్టర్ వెనుక స్విచ్చు ఫోటో, బ్యాటరీ కాగితం ఫోటో కామెంట్ల పెట్టండి. డ్యూటీ అయినంక నేను, మా ఫోర్‌మన్ కూసోని చూసి చెప్తం.